జానెడు దూరం

శుక్లాలు ముదిరిన ఆ రెండేళ్లూ నాకు లోకం చాలా అందంగా కనిపించింది. ఈ మాట అంటే మా ఇంటామె కొట్టినంత పని చేసింది కానీ, నిజం. కార్వాన్ బస్తీలో మా కొట్టు ముందు వీధిదీపం చుట్టూ వెలుగు గుడి కట్టేది. స్కూటర్లు పొగమంచులోంచి వచ్చి పొగమంచులోకే పోయేవి. తెల్ల చొక్కాలన్నీ పల్చటి చాయ్ రంగులో ఉండేవి. సాయంత్రం పూట అలా చూస్తూ కూర్చుంటే నేను మేలుకొని ఉన్నానో నిద్రలో ఉన్నానో నాకే తెలిసేది కాదు.

కానీ నాది రఫూ పని. చిరిగిన బట్టకు, దాని లోపలి అంచు నుంచే పోగులు లాగి, చిరుగు ఆనవాలు లేకుండా మళ్లీ నేయాలి. ఒక నల్ల షేర్వానీ మూడు వారాలు కొక్కేనికి వేలాడింది. నల్ల బట్టలో నల్ల పోగు నాకు దొరకలేదు. నాలుగోవారం నేనూ మా ఇంటామే ఆటో ఎక్కి కంటి ఆసుపత్రికి పోయాం.

అక్కడ యంత్రాల ముందు గడ్డం ఆనించమన్నారు. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచారు. తర్వాత కౌన్సిలర్ అమ్మాయి ఒకామె మమ్మల్ని కూర్చోబెట్టి లెన్సుల గురించి చెప్పింది.

"మోనోఫోకల్ ఒక్క దూరానికే పని చేస్తది అంకుల్. మామూలుగ దూరం చూపుకే పెడతరు. దగ్గరికి అద్దాలు కావాలె. టోరిక్ అంటే, మీ కుడికన్ను వంపు అన్ని దిక్కుల ఒక్కతీరుగ లేదు, సిలిండర్ నంబర్ ఉన్నది. దాన్ని గూడ సరిచేస్తది. ఈడాఫ్ అయితే దూరంతోపాటు చెయ్యి చాపినంత దూరం గూడ మంచిగ కనపడ్తది. మరీ దగ్గరి పనికి అద్దాలు అవసరం పడొచ్చు. రాత్రిపూట కొందరికి లైట్ల చుట్టు గుండ్రాలు కనపడ్తయి."

"దగ్గరి చూపు ఫికర్ మనకు లేదు బిడ్డా," అన్నాను. "అది మా ఇంట్ల పుట్టుకతోనే వస్తది. మా బాపు డెబ్బై ఏండ్లకు గూడ అద్దాలు లేకుంట సూదిల దారం ఎక్కిచ్చిండు. నాకు దూరం ఇయ్యి చాలు. గా మూడోది రాయి."

పదేళ్ల వయసు నుంచి అద్దాలు మోశాను. వానలో, చెమటలో, చాయ్ ఆవిరిలో తుడుచుకుంటూ బతికాను. ముక్కు మీద ఏమీ లేకుండా బజార్లో నడవాలని నాకు చిన్నప్పటి నుంచీ కల. ఆ కలలో నేను ఎప్పుడూ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఉంటాను, బంతిపూల గుట్టలు అంత దూరం నుంచే ఒక్కొక్క పువ్వుగా కనిపిస్తుంటాయి. ఆ కల చేతికి అందింది కదా అని కాగితం మీద సంతకం పెట్టేశాను.

డాక్టరమ్మ పిలిచేదాకా కూర్చున్నప్పుడు ఆ కౌన్సిలర్ అమ్మాయి చున్నీ కుర్చీ మేకుకు పట్టుకుని చిరిగింది. పసుపు రంగు నూలుది, పోగు లావుది. చూసి ఊరుకునే గుణం నాకు లేదు. అద్దాలు నెత్తి మీదికి తోసి, కాలర్ కింద ఎప్పుడూ ఉండే సూది తీసి, చున్నీని ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని మొదలుపెట్టాను. తల ఎత్తితే డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"అంకుల్, అద్దాలు ఎందుకు తీసిండ్రు?"

"పనికి అడ్డమమ్మా."

"ఒకసారి పెట్టుకొని సూది చూడండి."

పెట్టుకున్నాను. సూది చెదిరిపోయింది. పోగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి పసుపు మరకలా అయ్యాయి. అందులో నాకు వింతేం కనపడలేదు, నలభై దాటినప్పటి నుంచీ అంతే కదా, అందుకే కదా తీసేది.

"మీరు రాసిచ్చిన లెన్స్ పెడితే రోజంతా గిట్లనే ఉంటది," అందామె. "ఇప్పుడైతే అద్దాలు తీస్తున్నరు. కంటి లోపలి లెన్స్ తియ్యరాదు కదా."

ఆమె నెమ్మదిగా విప్పి చెప్పింది. నాకున్నది మైనస్ మూడున్నర. ఆ నంబరే నాకు జానెడు దూరాన్ని అద్దాలు లేకుండా చూపిస్తోంది. దూరానికి కుదిర్చిన లెన్స్ పడితే ఆ నంబర్ పోతుంది, దాంతో ఆ దగ్గరి చూపూ పోతుంది. నాకు ఒళ్లు మండింది.

"అంటే మా బాపు హునర్, నా హునర్, గీ పనితనమంత రోగమేనా?"

"నంబర్ చూపిస్తది, గంతే. పోగు లాగేది మీ చెయ్యే," అంది. గొంతు పెంచలేదు. నాకే సిగ్గేసింది.

సూది ఎంత దూరంలో పట్టుకుంటానో టేపుతో కొలిచింది. నేను జానెడు అనుకున్నది ముప్పై సెంటీమీటర్లు తేలింది. ఈడాఫ్ ఆ దూరానికి సూదిమొన చూపదని, నలుపులో నలుపు వేరుపడటం కూడా దాంతో కొందరికి కొంచెం తగ్గుతుందని చెప్పింది. నా కుడికంటికి టోరిక్కే, కానీ దగ్గరికి కుదిర్చినది పెట్టొచ్చట. అలా పెడితే వీధికి అద్దాలు జీవితాంతం తప్పవు. "దూరమా, దగ్గరా. ఇంటికి పోయి ఆలోచించుకోండి," అంది.

వారం ఆలోచించాను. కలను వదులుకోవడానికి ఏడుపొచ్చింది. అరవై మూడేళ్ల మనిషిని బంతిపూల కోసం ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి దగ్గరే అన్నాను. ఆ షేర్వానీ రఫూ చెయ్యకుండా వెనక్కి ఇచ్చేసి బతకడం నాకు చేతకాదు.

కుడికంటి ఆపరేషన్ రోజు కూర్చోబెట్టి కంటి మీద గుర్తులు పెట్టారు. పడుకుంటే కన్ను కొంచెం తిరుగుతుందట. టోరిక్ లెన్స్ ఆ గుర్తు వరసలోనే కూర్చోవాలి, పక్కకు తిరిగితే పని తగ్గుతుంది, ఒక్కోసారి మళ్లీ లోపలికి పోయి తిప్పాల్సి వస్తుంది. ఇది నాకు వెంటనే అర్థమైంది. బట్టకు కూడా నిలువు పోగు వరస తప్పితే ఏదీ కుదరదు.

తర్వాత నీళ్ల అడుగున పడుకుని పైకి చూసినట్టుంది. గులాబీ వెలుగు వచ్చింది, నీలం వచ్చింది, రెండూ కలిసి కరిగాయి. నొప్పి లేదు. ఎవరో నా మీద పల్చటి పట్టుబట్ట పరిచి మెల్లగా లాగుతున్నారనుకున్నాను. అయిపోయిందంటే ఇంకాసేపు ఉండనియ్యమని అడగబోయాను.

మూడు వారాలకు ఆ నల్ల షేర్వానీ ఒడిలో పెట్టుకున్నాను. పోగులు దేనికదిగా పడుకుని ఉన్నాయి. లెక్కపెట్టొచ్చు.

ఎడమకంటి వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ కొత్త ప్రశ్న వేసింది. ఈ కంటికి సిలిండర్ పెద్దగా లేదు, మామూలు మోనోఫోకల్ చాలు. అయితే దాన్నీ జానెడుకే పెట్టాలా, కొంచెం అవతలికి జరపాలా?

"పని చేసేటప్పుడు మీ ఎదురుంగ ఏముంటది?"

నేను ఆలోచించాను. నాకు ఏమీ ఉండదు, పొగమంచే ఉంటుంది. "ఏముంటదమ్మా, గోడ," అన్నాను.

"నేనుంట," అంది మా ఇంటామె పక్క నుంచి. "పోగులు విడదీసిచ్చేది ఎవరు మరి? రెండు జానల దూరంల కూసుంట."

డాక్టరమ్మ నవ్వలేదు. రెండు జానలకు సరిపోయే నంబర్ అద్దాలు నా కళ్ల ముందు మార్చి మార్చి పెట్టి చూపించింది. రెండు కళ్లూ రెండు దూరాలకుంటే అందరికీ పడదని, తేడా కొంచెమే ఉంచుతానని చెప్పింది. నాకు పడింది.

ఎడమకన్నూ అయిపోయాక ఒక మధ్యాహ్నం సంగతి. పని మధ్యలో మెడ నొప్పెట్టి తల ఎత్తాను. కళ్లజోడు కోసం చేయి పోలేదు. ఎదురుగా మా ఇంటామె పోగులు వేలికి చుట్టుకుని నన్నే చూస్తోంది. ముఖంలో ఎంత ప్రేమ ఉందంటే నేను సూది ఎక్కడ గుచ్చానో మర్చిపోయాను.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?" అన్నాను.

"కొత్తగ చూస్తున్ననా?" అంది. "పెండ్లైన కాడికెళ్లి గిట్లనే చూస్తున్న."