తమ్ముడి నౌకరీ, నా కామెర్లు

నిజాయితీ మీద నాలుగు పేజీల ఉత్తరం రాసి, నెల తిరక్కుండానే దొంగ మెడికల్ సర్టిఫికెట్‌తో పట్టుబడ్డ మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ పేజీ మీద ఓ నిమిషం ఆగండి, దర్శనమిస్తాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. అది పాపం కాలు జారి పడింది, నేను మాత్రం కొలతలు చూసుకుని మరీ దూకాను.

అప్పుడు తెలంగాణ ఉద్యమం రోజులు. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ పరిశోధన చేస్తున్నాను, అంటే పొద్దున ధర్నా, సాయంత్రం కరపత్రం. మా తమ్ముడు నరేష్‌కు తార్నాక దాటాక హబ్సిగూడ వైపున్న ఓ విత్తన పరీక్షల ల్యాబ్‌లో తొలి ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు ప్రొబేషన్. వాడు వారాసిగూడలో గది తీసుకున్నాడు. నా హాస్టల్ నుంచి నడిచిపోతే అరగంట. అయినా నేను ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, పోస్టులో వేశాను. నోటితో చెబితే "ఆఁ, సరే అన్నా" అని లేచిపోతాడు. కాగితమైతే దాచుకుంటాడని నా ఆలోచన. దాచుకున్నాడు కూడా, అదే నా కొంప ముంచింది.

కరపత్రాలు రాసే చెయ్యి కదా, ఉత్తరం కూడా మైకు ముందు నిలబడ్డట్టే వచ్చింది. "తమ్ముడూ, కంటితో చూడనిది రిజిస్టర్లో రాయకు. పక్కవాడు రాశాడని నువ్వు రాయకు. తప్పు జరిగితే ఆ రోజే పైవాళ్లకు చెప్పు. నువ్వు రాసే అంకె వెనుక ఎవరో రైతు పొలం ఉంటుంది." ఈ చివరి వాక్యం రాశాక నాకే కళ్లు చెమర్చాయి. మా గదిలో ఉండే యాదగిరికి రెండుసార్లు చదివి వినిపించాను. వాడు రెండోసారి నిద్రపోయాడు.

నరేష్ పనేమిటో చెప్పాలి. వరి విత్తనాల లాటు వస్తే అందులోంచి నాలుగు వందల గింజలు తీసి, నూరేసి చొప్పున తడి కాగితంలో చుట్టి, మొలకెత్తించే పెట్టెలో పెడతారు. పెట్టెలో వేడి ఇరవై ఐదు డిగ్రీలుండాలి. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ చూసి రిజిస్టర్లో రాయాలి. ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి మొలకలు లెక్కపెట్టాలి. మొలకలు తక్కువైతే ఆ లాటు విత్తనం కింద పనికిరాదు.

సరిగ్గా అప్పుడే రెండు రోజుల బంద్ వచ్చింది. క్యాంపస్ గేట్లు మూశారు. తార్నాక చౌరస్తాలో ముళ్లకంచెలు వేసి, నడిచేవాళ్లను కూడా పోలీసులు వెనక్కి పంపారు. నరేష్ రెండు రోజులూ బయల్దేరి, రెండు రోజులూ కళ్లు తుడుచుకుంటూ గదికి తిరిగొచ్చాడు. బాష్పవాయువు మరి. ల్యాబ్‌కు ఎవరూ పోలేదు. మూడో రోజు సీనియర్ భాస్కర్ గారు పెన్ను చేతికిచ్చి, "రెండు దినాలదీ ఇరవై ఐదు కొట్టెయ్ తమ్మీ, బంద్‌లల్ల అందరం గట్లనే రాస్తం," అన్నారట.

మావాడు రాయలేదు. "బంద్ వల్ల రాలేకపోయాను, రీడింగ్ తీయలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం నా గదికొచ్చాడు.

"అన్నా, మేడం రేపు పదింటికి రమ్మన్నది. లిఖితపూర్వకంగ వివరణ ఇయ్యమన్నది."

ఇంట్లో మొదట జీతం తెచ్చేవాడు వాడే. నాన్న చనిపోయాక కూలికి పోయి మమ్మల్ని చదివించిన అమ్మ, ఆ నెల నుంచే పని మానేసింది. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి తీసేయడానికి ఒక్క కాగితం చాలు.

"ఇరవై ఐదు రాస్తే ఏం పోయేదిరా?"

"నువ్వే కదనే చూడంది రాయద్దని రాసినవ్."

"ఉత్తరం వేరు, నౌకరీ వేరురా."

వాడు నన్ను అదోలా చూశాడు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాడు వెళ్లాక యాదగిరి రంగంలోకి దిగాడు. "బీమారున్నడని సర్టిఫికెట్ పెడితే ఖతం. నాకు తెలిసిన కాంపౌండర్ ఉన్నడు," అన్నాడు. గంటలో తెచ్చాడు. చూస్తే కామెర్లు, పదిహేను రోజుల విశ్రాంతి అని ఉంది.

"రెండు దినాలకు కామెర్లేందిరా?"

"జ్వరం కాగితాలు అయిపోయినయట. బంద్ కదా, గిరాకీ ఎక్కువున్నది."

తమ్ముడికి చెబితే ఒప్పుకోడని, మర్నాడు పదింటికంటే ముందే నేను ల్యాబ్‌కు పోయాను. మేడం పేరు సరోజిని, ఆ ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి, కోస్తావైపు మనిషి. ఉద్యమం వేడిలో ఉన్న నేను, తెలంగాణ పిల్లవాణ్ణి తీసేయడానికి ఆమె కాచుకుని ఉందని దారంతా నాకు నేనే ఉపన్యాసమిచ్చుకున్నాను.

"నరేష్ అన్నయ్యని మేడం. మావాడు ఆ రెండు రోజులూ లేవలేని స్థితిలో..." అంటూ సర్టిఫికెట్ ఆమె ముందు పెట్టాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివారు. "కామెర్లా? నిన్న సాయంత్రం మాతోపాటు నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడే."

"కొంచెం తగ్గింది మేడం."

"ఒక్క రోజులోనా? మంచి వైద్యుడేనండీ." ఆమె సొరుగు తీశారు. "ఈ పొద్దున మీకంటే ముందే వచ్చి వివరణ ఇచ్చేశాడు. పోలీసులు వెనక్కి పంపారనీ, రీడింగ్ తీయలేదనీ ఉన్నదున్నట్టు రాశాడు. పాతవాళ్లంతా రాస్తుంటే నువ్వెందుకు రాయలేదయ్యా అని అడిగితే, జేబులోంచి ఇది తీసిచ్చాడు."

బల్ల మీద నా నాలుగు పేజీలు. పక్కనే నా కామెర్లు. ఒకే అన్నయ్య, ఒకే తమ్ముడు, కాగితాలే రెండు రకాలు. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అది చీలలేదు, దానికీ బంద్ కాబోలు.

"కూర్చోండి, చెమటలు పడుతున్నాయి," అన్నారు మేడం. "ఆ పెట్టెలో ఇంకో థర్మామీటర్ ఉంటుంది. ఎవరూ చూడకపోయినా, వేడి ఎంతవరకు ఎక్కిందో అక్కడే దాని గుర్తు ఆగిపోతుంది. మీవాడు రీడింగ్ లేదని రాశాడు కాబట్టి వెళ్లి దాన్ని చూశాను, బంద్ రోజుల్లో కరెంటు పోయి, పెట్టెను చల్లబరిచే మిషన్ ఆగి నలభై ఒకటికి ఎక్కింది. గింజలు ఉడికిపోయినట్టే. పక్క గదివాళ్లు తమ పెట్టె రిజిస్టర్లో రెండు రోజులూ ఇరవై ఐదని రాసి కూర్చున్నారు. మీవాడూ రాసుంటే నేను మొలకలు తక్కువొచ్చాయని రిపోర్టు పంపేదాన్ని, ఆ లాటు పంపిన రైతుల మంచి విత్తనం చెత్తకింద పోయేది. పరీక్ష మళ్లీ పెట్టాలంటే కారణం కాగితం మీద కావాలి. అందుకే వివరణ అడిగాను."

"అయితే వాణ్ణి తీసెయ్యరా మేడం?"

"వాణ్ణెందుకు తీస్తానండీ? ఇకనుంచి రెండు గదుల రిజిస్టర్లూ వాడికే ఇస్తున్నాను."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే మేడం సర్టిఫికెట్ నా వైపు జరిపి, "ఇది మీరే ఉంచుకోండి. మొహం పచ్చబడింది మీకే," అన్నారు.

బయటికొచ్చేసరికి నరేష్ వరండాలో నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది, అంతా విన్నాడు. చౌరస్తా దాకా తోడొచ్చి చాయ్ తాగించాడు. సగం చాయ్ అయ్యాక మెల్లగా అడిగాడు.

"అన్నా, అమ్మకు చెప్పమంటవా?"

"ఏంది, మేడం పిలిచిన సంగతా?"

"కాదే. నీ కామెర్ల సంగతి."

ఆ చాయ్ గ్లాసు మీద చెయ్యి పెట్టి ఘోర ప్రతిజ్ఞ చేశాను. బతికుండగా ఇంకెవరికీ నిజాయితీగా ఉండమని ఉత్తరం రాయను. రాయడం తప్పని కాదు. వాడు నిజంగానే అలా ఉంటాడని నేను అనుకోలేదు, నా తప్పల్లా అదే.