నా నోటితో చెప్పిన మందు

పశువైద్యం చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఆసుపత్రిలో చేరాలా, కంపెనీలో చేరాలా అని. నాకు వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం పిల్లల మీద కాదని వాళ్లకు తెలియదు పాపం. జీతం ఎక్కడ ఎక్కువ, సెలవులు ఎక్కడ ఎక్కువ అని లెక్కలు చెబుతానని ఎదురుచూస్తారు. నేను రంభ అనే ఊరి దగ్గర ఒక ఆవు గురించి చెబుతాను. సగం మంది మధ్యలోనే లేచి వెళ్లిపోతారు.

ఐదున్నరేళ్లు చదివి బయటికొచ్చాక మొదట రెండేళ్లు కాంట్రాక్టు మీద ఒక ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో చేశాను. అడ్డం తిరిగిన దూడను సరిచేసి లాగడానికి భుజం దాకా చెయ్యి పెట్టడం, గాలికుంటు టీకాలకు ఊరూరా తిరగడం, మందులు రాక బయట కొనుక్కోమని రైతుల చేత తిట్లు తినడం. బరంపురంలో మాది బడా బజార్‌లో కిరాణా దుకాణం. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మా నాన్న ముక్కు మూసుకుని, "పేడ డాక్టరు వచ్చేడర్రా, నీళ్లు తోడండి" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ నాకు ఎక్కడో గుచ్చుకునేది.

అందుకే దాణా, పశువుల టానిక్కులు తయారుచేసే ఒక కంపెనీ పిలిస్తే ఎగిరి గంతేసి వెళ్లాను. కార్డు మీద టెక్నికల్ ఆఫీసర్ అని అచ్చు వేశారు. చొక్కా నలగదు. నన్ను తీసుకోవడానికి కారణం నా తెలివి కాదు, నా తెలుగు. మాది ఒడియా రాష్ట్రమైనా పాల సొసైటీ ఊళ్లలో చాలామంది మన తెలుగువాళ్లు. ఒడియాలో మాట్లాడే కంపెనీ మనిషి సామాన్లు అమ్ముకోడానికి వచ్చాడనుకునేవారు. నేను నోరు తెరిస్తే మాత్రం, "మన డాక్టరు బాబు" అని మంచం వేసేవారు. కంపెనీ కొనుక్కున్నది ఆ మంచాన్ని!

అప్పట్లో మేము అమ్మింది తాగించే కాల్షియం ద్రవం. మంచి సరుకే, కాదనను. ఈనే ముందూ వెనకా, నిలబడి ఉన్న ఆవుకి తాగిస్తే పాలజ్వరం రాకుండా చాలావరకు కాపాడుతుంది. కానీ పాలజ్వరం వచ్చి ఆవు పడిపోయిందంటే కథ వేరు. రక్తంలో కాల్షియం తగ్గితే కండరాలు పట్టు తప్పుతాయి, మింగడం చేతకాదు. అప్పుడు నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ స్థితిలో నరానికి నెమ్మదిగా కాల్షియం ఎక్కించాలి, గుండె వింటూ ఎక్కించాలి. ఇది మూడో ఏడు కుర్రాడికి కూడా తెలుసు.

ఊరూరా పెట్టే రైతుల సమావేశాల్లో చూపించే బొమ్మల్లో ఈ హెచ్చరిక కూడా నేను పెట్టాను. మా మేనేజర్ తీయించేశాడు. "భయపెడితే ఎవరు కొంటారు? సీసా మీద రాసే ఉంది కదా" అన్నాడు. రాసే ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నేను సరే అన్నాను. ఇప్పటికీ ఆ సరేను తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున్నే ఫోను. రంభ అవతల ఒక ఊరి నుంచి, ఒక్క జెర్సీ ఆవుతో బతుకుతున్న పెద్దావిడ. మా సమావేశంలో ముందు వరసలో కూర్చున్న మనిషి.

"బాబూ, నిన్న ఈనింది, తెల్లారేసరికి పడిపోనాది. నువ్వు సెప్పిన సీసా మొత్తం పోసీసేను. ఇంకా లెగలేదు, ఏటి సెయ్యమంటావు?"

ఎలా పోశావమ్మా అని అడిగాను. మనవాళ్లు ఎప్పుడూ చేసేదే చేసింది. ఇద్దరు తల పైకెత్తి పట్టుకుంటే, వెదురు గొట్టం గొంతు దాకా పెట్టి ధారగా పోసింది.

మేనేజర్‌కి ఫోను చేశాను. "మనం వైద్యం చెయ్యం. దగ్గర్లో డాక్టరుని పిలుచుకోమను. నువ్వు వెళ్తే మన మీదకే వస్తుంది" అన్నాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎంత తిట్టుకున్నా, పడిపోయిన ఆవు దగ్గరికి వెళ్లొద్దని నాకెవరూ చెప్పలేదు. ఫోను పెట్టేసి బండి తీశాను. రంభ బజారులో మందుల దుకాణంలో కాల్షియం సీసా, సూది, గొట్టం, యాంటీబయాటిక్ కొన్నాను. కంపెనీ సంచీలో ఉన్నవి రంగు కాగితాలు, కలాలు, టోపీలు.

ఆవు మెడ పక్కకి తిప్పి డొక్కలో పెట్టుకుని ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల బుడబుడ. సీసాను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసి, మెడ నరానికి చుక్కచుక్కగా ఎక్కించాను. కాసేపటికి ఒళ్లు వణికింది, తేన్చింది, మూత్రం పోసింది. అరగంటలో లేచి నిలబడింది కూడా.

ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. చుట్టూ జనం మెచ్చుకుంటున్నారు. నేను తల దించుకుని చెప్పాను, ఇది లేచిన మాట నిజమే గానీ మందు ఊపిరిలోకి పోయింది, బతకడం కష్టమని. ఆవిడకి అర్థం కాలేదు. నిలబడ్డ ఆవును చూపించి, "సూడు బాబూ, మేత తింతోంది" అంది.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. సర్కారు డాక్టరు కూడా వచ్చి చూశాడు. మూడో రోజు దగ్గి దగ్గి చచ్చిపోయింది.

ఆ వారం కంపెనీ ఒక కాగితం పంపింది. మందును తప్పుగా వాడినందువల్ల ఆవు చనిపోయిందని, బాధ్యత తనదేనని ఆవిడ సంతకం చేయాలి. నేనే చేయించుకురావాలి, మళ్లీ నా తెలుగుతోనే. తీసుకెళ్లాను. తీసుకెళ్లిన మాట దాచుకోను.

అరుగు మీద కూర్చోబెట్టి, "ఏటి రాసేరు బాబూ?" అంది. చదివి తెలుగులో చెప్పాను.

"తప్పేటి సేసేనో సెప్పు" అంది. పడిపోయిన ఆవుకి నోట్లో పోయకూడదని చెప్పాను.

"ఈ మాట ఆ దినం సెప్పలేదు కదా నువ్వు?"

"లేదమ్మా."

"నీకు తెలీదా?"

"తెలుసు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కలం ఇమ్మని చెయ్యి చాచింది. "సంతకం పెట్టకపోతే నీ ఉద్దోగం పోతాదేటి?" అని అడిగింది. ఒళ్లంతా మంటలెత్తింది నాకు, మేనేజర్ మీద, ఆ కాగితం మీద, అక్కడిదాకా దాన్ని మోసుకొచ్చిన నా మీద. చింపేశాను. ముక్కలు జేబులో కుక్కుకుని అలాగే కూర్చుండిపోయాను. ఏదో పెద్ద త్యాగం చేసినట్టు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, సిగ్గులేకుండా.

ఆవిడ మాత్రం ఖాళీ గుంజ వైపు చూస్తూ అడిగింది.

"ఇంకా ఎన్ని ఊళ్లలో సెప్పేవు, ఈ సీసా గురించి?"

ఒక్కో ఊరి పేరూ చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"ఆ ఊళ్లలో ఆవులు ఈనవేటి? మరి ఇక్కడ కూకున్నావేటి? ఎల్లు."