నెట్ లేని ఊరికి డిక్షనరీ

మా తమ్ముడి కూతురు ఏడో తరగతి దాకా రాష్ట్ర సరిహద్దు అవతల అమ్మమ్మ ఇంట్లో ఉండి తెలుగు మీడియంలో చదివింది. తల్లి లేని పిల్ల. అమ్మమ్మ కూడా మంచం పట్టాక, తమ్ముడు ఆ పిల్లను నాందేడ్‌లో మా ఇంటికి తీసుకొచ్చాడు. "నీ దగ్గరుంటే సదువుకుంటది అక్కా" అన్నాడు. మొహమాటానికి అనే మనిషి కాదు, కాబట్టి నిజంగానే ఆశ పడ్డాడని అర్థమైంది.

మా వీధి చివరి బడిలో సెమీ సెక్షన్లో వేశాను. సెమీ అంటే ఇక్కడ గణితం, సైన్సు ఇంగ్లీషులో చెబుతారు, మిగిలినవన్నీ మరాఠీలో. ఈ పిల్లకు మరాఠీ వింటే అర్థమవుతుంది, చదవాలంటే కూడబలుక్కోవాలి. ఇంగ్లీషు అంతకన్నా కష్టం. క్లాసులో టీచరు బాయి లేచి చదవమంటే నోరు పెగిలేది కాదు. "అందరు నవ్వుతరు అత్తా" అని చెప్పి ఏడ్చేది. నవ్విన వాళ్ల చెవులు మెలిపెట్టాలన్నంత కోపం నాకు. కానీ ఎంతమంది చెవులని మెలిపెడతాను?

ఎదురింట్లో ట్యూషన్లు చెప్పే అమ్మాయి ఒక దారి చూపించింది. తమ్ముడు ఇచ్చిన పాత ఫోనుంది, దాంట్లో సిమ్ లేదు. అందులో తెలుగు-ఇంగ్లీషు డిక్షనరీ యాప్ వేసిచ్చింది. ఇంగ్లీషు మాట కొడితే తెలుగు అర్థం వస్తుంది, పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కితే ఆ మాట ఎలా పలకాలో ఫోనే పలికి వినిపిస్తుంది. మా ఇంట్లో వైఫై ఉంది కనుక ఇబ్బంది లేదు. పిల్ల ఫోను చెవికి ఆనించుకుని విని, మళ్లీ మళ్లీ అనుకునేది. ఒకరోజు నేను అన్నం వారుస్తుంటే వెనక నిలబడి "ఎవాపరేషన్" అంది. "ఏందే అది, నన్ను తిడుతున్నవా?" అన్నాను. "ఆవిరయ్యుడు అత్తా" అని నవ్వింది. ఆ పిల్ల మా ఇంటికొచ్చాక పళ్లు కనిపించేలా నవ్వడం అప్పుడే చూశాను.

దీపావళి సెలవుల ముందు బడి నుంచి కబురొచ్చింది. సెలవులయ్యాక ఇంగ్లీషులో నోటి పరీక్ష పెడతారట, సైన్సు పాఠం గట్టిగా చదివి అర్థం చెప్పాలట. చదవలేకపోతే సెమీలోంచి తీసి మరాఠీ సెక్షన్లో వేస్తారట. తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "మరాఠీలనే సదివేదుంటే మా మర్ఖేల్‌ల బడి లేదా అక్కా? ఊళ్లెనే ఉంటది, నాకింత వండి పెడ్తది" అన్నాడు. అందులో కూడా తప్పేమీ లేదు. అందుకే నాకు భయం వేసింది.

సెలవుల్లో ఇక్కడే ఉంచుకుంటానన్నాను. పత్తి ఏరే రోజులు, మనిషి చెయ్యి కావాలని తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. వాళ్లుండేది మర్ఖేల్ దాటాక చేలో వేసుకున్న ఇంట్లో, నెట్ అందదు. ట్యూషన్ అమ్మాయిని అడిగితే, "డిక్షనరీ ఫోన్లనే దిగింది, అర్థాలు నెట్ లేకున్నా వస్తయి. పలికే గొంతు మాత్రం వేరేగ దింపుకోవాలె, సెట్టింగుల్ల ఉంటది" అని ఎక్కడుంటుందో చూపించి పోయింది.

నేను ఫోను తీసుకోబోతే తమ్ముడు చెయ్యి చాపాడు. "ఇటియ్యి, నేను చేస్త. పిల్ల సదువుకు నేను చేసిందేముంది?" అన్నాడు. ఆ మాట తర్వాత ఎవరు లాక్కుంటారు? గోడకు ఆనుకుని కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు నొక్కాడు. ఆ ఫోనంతా మరాఠీలోనే ఉంటుంది, అతను పెట్టుకున్నదే. చివరికి "దిగింది" అని స్పీకర్ బొమ్మ నొక్కి చూపించాడు. ఫోను చక్కగా పలికింది. ఇద్దరం సంతోషపడ్డాం. వైఫై ఆపి చూడాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

పత్తి పని తెగలేదని పరీక్ష రోజు దాకా పంపలేదు. ఆ పొద్దున దెగ్లూర్‌లో మొదటి సర్కారు ఎస్టీ బస్సెక్కించి నేరుగా బడికే తీసుకొచ్చాడు. నేను గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. పిల్ల వేళ్లనిండా పత్తికాయల గీతలు. "సదివినవా?" అంటే తలూపింది.

గది బయట బల్లమీద కూర్చున్నాను. తమ్ముడు టీ తాగి వస్తానని వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. బాయి పుస్తకం తెరిచి ఒక పేరా చూపించింది. పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. బాయి మంచిదే, తొందర పెట్టలేదు. పోనీ అర్థం చెప్పమంది. పిల్ల గడగడా చెప్పింది, సగం తెలుగు, సగం మరాఠీ. ఒక్క మాట తప్పు పోలేదు. బాయి ఆశ్చర్యపోయి మళ్లీ చదవమంది. పిల్ల తలవంచుకుంది. "అర్థ్ సాంగ్తే, పణ్ వాచతా యేత్ నాహీ" అని బాయి నాతో అంది. అర్థం చెబుతుంది కానీ చదవడం రాదు. సెమీలో కుదరదని కాగితం మీద రాసేసింది.

ఇంటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. తమ్ముడు బజారుకెళ్లాడు. "నోట్లె ఏం పెట్టుకున్నవే? ఇన్ని అర్థాలు వచ్చినదానికి చదువుడు రాదా?" అని అరిచాను. ఫోను లాక్కున్నాను. ఏదో అనుమానం వచ్చి వైఫై ఆపి, ఒక మాట కొట్టి స్పీకర్ నొక్కాను. అర్థం వచ్చింది, చప్పుడు రాలేదు. ఇంకో మాట కొట్టినా అంతే.

"ఊళ్లె ఒక్కసారి గూడ మాట్లాడలే అత్తా" అంది పిల్ల.

"బాపుకు చెప్పలేదా?"

"బాపు అందరికి చెప్పుకున్నడు, నా బిడ్డకు నేనే ఎక్కించిన అని. ఎట్ల చెప్పాలె?"

ట్యూషన్ అమ్మాయి చూపించిన చోటు వెతికి భాషల జాబితా తెరిచాను. మరాఠీ పక్కన గొంతు దిగినట్టు టిక్కు గుర్తు ఉంది. ఇంగ్లీషు పక్కన దింపుకోమని బాణం గుర్తు అలాగే ఉంది.

తమ్ముడు గడపలో అడుగుపెట్టీ పెట్టగానే ఫోను ముఖం ముందు పెట్టాను. "చూడు, నువ్వు ఎక్కించింది మరాఠీ గొంతు. ఇంగ్లీషు దిగనే లేదు. పిల్ల ఇన్ని రోజులు మూగ ఫోనుతోని చదివింది" అన్నాను. ఇంకా చాలా అన్నాను.

తమ్ముడు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు. "భాష ఏందని అడిగింది అక్కా" అన్నాడు మెల్లగా. "బడిల అడిగినా, తహసీల్‌ల అడిగినా, బ్యాంకుల అడిగినా మనం మరాఠీ అనే గదా రాసేది. అదే నొక్కిన."

నేను కూడా ప్రతిచోటా అదే రాస్తాను. తెలుగు అని రాస్తే పని ఆగిపోతుందేమోనని మా నాన్న అలవాటు చేశాడు.

వైఫై పెట్టి ఇంగ్లీషు గొంతు దింపాను. ఎంతోసేపు పట్టలేదు. వైఫై ఆపి నొక్కితే స్పష్టంగా పలికింది. తమ్ముడు వినలేక బయటికి పోయి చెప్పులేసుకుని నిలబడ్డాడు. పిల్ల బట్టలు సంచిలో సర్దుకుంది. ఈ ఏడాది మరాఠీ సెక్షన్లోనైనా ఉంచమన్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు, నా ముఖం చూడలేదు.

ఫోను పిల్ల చేతిలో పెట్టి, "ఇప్పుడు మంచిగ మాట్లాడుతది, తీస్కపో" అన్నాను. తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, తండ్రికి వినపడకుండా నా దగ్గరికి వచ్చింది.

"బాపుకు చెప్పకుంటే అయిపోతుండె గదా అత్తా. నాకెట్లయినా సీటు పోయె. ఇగ ఆయన గూడ బాధపడుడే గదా."