చేతులెత్తేసిన క్రేన్లు

ఆమె సముద్రం చూడలేదు. పత్రికాఫీసు ఉన్న ఊరికి సముద్రం రాత్రంతా రైలు ప్రయాణం దూరంలో ఉంది. ఒకసారి చెరువులో పడవెక్కితే కడుపులో తిప్పింది. అయినా ఏ రేవు ఫొటో చూపించినా అది ఎక్కడిదో చెప్పగలదు. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను ఓడలక్క అంటారు. ఎడిటర్ కూడా అలాగే పిలుస్తాడు. జీతం పెంచమని అడిగినప్పుడు మాత్రం "మీరు" అంటాడు.

ఆమె పని ఫొటోల నిర్ధారణ. వచ్చిన ఫొటో నిజంగా ఫలానా చోటిదేనా, కాదా అని చెప్పాలి. కాదని చెప్తే అందరికీ కోపం. ఔనని చెప్తే ఎవరికీ ఆమె గుర్తుండదు.

మొదట్లో పాత ఫొటోలు భద్రపరిచే గదిలో పనిచేసింది. పెట్టెల మీద "రేవులు" అని మాత్రమే రాసి ఉండేది. ఏ రేవో ఎవరూ రాయలేదు. విసుగెత్తి తనే విడదీయడం మొదలుపెట్టింది. కంటెయినర్లు ఎత్తే క్రేన్లకు ఒక్కో రేవులో ఒక్కో రంగు. కాళ్ల ఎత్తు వేరు, చెయ్యి పైకి లేచే తీరు వేరు. ఓడల పొగగొట్టాల మీద కంపెనీ రంగులు, పట్టీలు, గుర్తులు ఉంటాయి. వాటిని స్కెచ్ పెన్నులతో ఒక పెద్ద అట్ట మీద గీసి గోడకు తగిలించింది. చూసినవాళ్లు పిల్లల డ్రాయింగ్ పోటీ అనుకునేవారు.

ఇంట్లోనూ అదే గౌరవం. భర్త లెక్కల మాస్టారు. వంటింటి పొగ పైకి పోకపోతే, "ఏమోయ్, మన పొగగొట్టం ఏ కంపెనీదో కాస్త చూడు, ఫిర్యాదు రాద్దాం," అనేవాడు.

అత్తగారు ఇంకో అడుగు ముందుకు వేసేది. "ఓడలు చూసి ఊరు చెప్తుంది గానీ, పప్పు చూసి ఉప్పుందో లేదో చెప్పదు."

ఓడలక్కకు ఒక సూత్రం ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేది. "పొగగొట్టం ఓడ ఎవరిదో చెప్తుంది, రేవు ఎక్కడిదో చెప్పదు. ఓడ ఈరోజు ఇక్కడుంటుంది, రేపింకెక్కడో. క్రేను కదలదు. దాన్ని అడుగు."

క్రేన్లు కూడా కదులుతాయని ఆమెకు ఈమధ్యే తెలిసింది. ఒక రేవు తన పాత క్రేన్లను రంగు మార్చకుండా ఇంకో రేవుకు అమ్మింది. ఆకుపచ్చ క్రేన్లు చూసి ఓడలక్క మొదటి రేవు పేరు చెప్పింది. పత్రిక సవరణ వేసుకోవాల్సి వచ్చింది. సవరణ అంగుళం కూడా లేదు, ఎడిటర్ ముఖం మాత్రం మూరెడు పొడుగైంది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ బల్ల ఎందుకో నేను ఆలోచించాల్సి వస్తుంది," అన్నాడాయన. ఆయన ఆలోచించడం అరుదు. అందుకే ఆమెకు భయం వేసింది.

ఆ సంగతి ఇంకా చల్లారకముందే ఉత్తరపు రేవులో కార్మికులు పని మందగింపు మొదలుపెట్టారు. అక్కడి విలేకరి ఒక ఫొటో పంపాడు. నీలం రంగు క్రేన్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి చేతులూ ఆకాశం వైపు లేచి ఉన్నాయి. వెనక ఒక ఓడ. గట్టు మీద ఒక్క కంటెయినర్ లేదు. ఒక్క మనిషి లేడు.

క్రేను చెయ్యి పైకెత్తి ఉందంటే అది ఓడ మీద పనిచేయడం లేదని అర్థం. ఎడిటర్‌కు ఆ ఒక్క ముక్క తెలుసు. శీర్షిక ఫొటో కన్నా ముందే పుట్టింది.

"చేతులెత్తేసిన క్రేన్లు! ఎలా ఉంది?" అన్నాడు.

"అద్భుతమండీ," అన్నాడు సబ్ ఎడిటర్. ఎడిటర్ తుమ్మినా ఆ మాటే అనేవాడు.

"మొదటి పేజీ. ఓడలక్కా, ఔననేసి పంపించెయ్."

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. క్రేన్ల నీలం ఉత్తరపు రేవుదే. కానీ దక్షిణపు రేవుకూ అవే క్రేన్లు, అదే రంగు. రెండూ ఒకే సంస్థవి, ఒకే తయారీదారు దగ్గర కొన్నవి. కనక క్రేను నోరు విప్పలేదు. అప్పుడు గట్టును అడిగింది. ఫొటోలో గట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంది. దాని చివర దీపస్తంభం మొదలు, తెల్లటి కింది భాగం మాత్రం, ఫొటో అంచున కనబడుతోంది. ఉత్తరపు రేవు గట్టు చివర మోచేతిలా వంగుతుంది. అక్కడ స్తంభం లేదు. దక్షిణపు రేవు గట్టు తిన్నగా ఉంటుంది, చివర స్తంభం ఉంటుంది. అక్కడ కంటెయినర్లు గుట్ట వెనక పేర్చుతారు కాబట్టి గట్టు ఖాళీగా కనిపించినా వింత లేదు.

"ఇది ఉత్తరపు రేవు కాదండీ. దక్షిణపు రేవు," అంది.

"ఖచ్చితంగా?"

"గట్టు వంకర లేదు."

విలేకరికి ఫోన్ చేశారు. "నా కళ్లతో చూసి తీశానండి, నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు. ఆయనకు ఇంకా పెళ్లి కాలేదు.

ఓడలక్క ఎడిటర్ తిడతాడనుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే దక్షిణపు రేవు కూడా ఆగిపోయిందన్నమాట! ఇది ఇంకా పెద్ద వార్త. ఎవరికీ తెలియదు. చేతులెత్తేసిన దక్షిణం. నిర్ధారణ, మన ఓడలక్క!"

"అక్కడ పని ఆగినట్టు కబురేమీ లేదు కదండీ."

"ఫొటోయే కబురమ్మా."

నిర్ధారణ కింద తన పేరు మొదటి పేజీకి ఎక్కబోతోంది. ఇన్నేళ్లలో అది మొదటిసారి. ఆమె బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. సంతోషించాలా, భయపడాలా తేల్చుకోలేదు. ఆ ఊగిసలాటలో ఉండగా సబ్ ఎడిటర్ వచ్చాడు.

"అక్కా, ఆ ఓడ ఏ కంపెనీది? పాపం సరుకు దింపుకోలేక పడి ఉంది కదా, ఫొటో కింద ఆ కంపెనీ పేరు వేస్తే బరువుగా ఉంటుంది."

"పొగగొట్టం చూసి చెప్తానుండు."

పొగగొట్టాన్ని ఆమె అప్పటిదాకా పట్టించుకోలేదు. రేవు ఎక్కడిదో అది చెప్పదు కదా. ఎర్ర గొట్టం, మధ్యలో తెల్లటి గుండ్రం. గోడ మీది అట్టలో వెతికింది. సరుకు ఓడల వరసలో లేదు. కింద మూల, ఎప్పుడో ఖాళీ దొరికి గీసిన చోట కనిపించింది. ఆ కంపెనీ కంటెయినర్లు మోయదు. క్రేన్లు మోస్తుంది. కొత్త క్రేన్లను నిలువునా కట్టేసుకుని సముద్రం దాటించి గట్టు మీద దించిపోయే ఓడలు అవి.

ఆమె మళ్లీ ఫొటో చూసింది. క్రేన్ కాళ్ల మధ్య వాలుగా సన్నటి ఇనప ఊతాలు. ఇందాక అవి క్రేనులో భాగం అనుకుంది. ప్రయాణంలో ఊగకుండా తాత్కాలికంగా అతికే ఊతాలు అవి. పనిలో ఉన్న క్రేనుకు ఉండవు.

ఇంకో సంగతి కూడా తోచింది. పని మందగిస్తే గట్టు ఖాళీ కాదు. నిండిపోతుంది. పెట్టెలు పోవు, పేరుకుపోతాయి. కంటెయినర్లే లేని రేవు పని ఆగిన రేవు కాదు. ఇంకా పని మొదలుపెట్టని రేవు.

ఆమె పాత ఫొటోల గదికి వెళ్లింది. క్రేన్లు అప్పుడే వచ్చినవైతే గట్టు కూడా అప్పటిదే, ఇప్పటి వంకర రాకముందుది కావచ్చు. తను విడదీసిన పెట్టెల్లో ఉత్తరపు రేవు పెట్టె తెరిచింది. ఆ ఫొటో అక్కడే ఉంది. అంచులు కత్తిరించని పూర్తి ఫొటో. స్తంభం పై భాగం మీద ఎర్ర పట్టీ. ఉత్తరపు రేవు స్తంభానికి ఎరుపు, దక్షిణపు దానికి ఆకుపచ్చ. గట్టును పొడిగించి వంకర తిప్పకముందు, ఆ స్తంభాన్ని కూల్చకముందు, క్రేన్లు వచ్చిన రోజు తీసింది. తీసింది తమ పత్రిక ఫొటోగ్రాఫరే. అప్పట్లో అచ్చు కూడా అయింది. శీర్షిక "ఆకాశానికి చేతులు చాచిన అభివృద్ధి." అప్పుడు సబ్ ఎడిటర్‌గా ఉండి ఆ శీర్షిక పెట్టింది ఇప్పటి ఎడిటరే.

ఫొటో చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. నోరు మూసుకుంటే ఏ తప్పూ చేయని ఒక రేవు మీద బురద పడుతుంది. నోరు తెరిస్తే రెండో తప్పు తన ఖాతాలో పడుతుంది, బల్ల పోతుంది. దక్షిణపు రేవు వాళ్లెవరూ ఆమెకు చుట్టాలు కాదు. బల్ల మాత్రం ఆమెదే.

ఎడిటర్ గదిలోకి వెళ్లింది.

"నేను చెప్పింది తప్పండీ. అది ఉత్తరపు రేవే."

"అమ్మయ్య! పాత శీర్షికే పెట్టేద్దాం."

"ఉత్తరపు రేవే కానీ, ఇప్పటిది కాదు. అది రేవు తెరవకముందు. ఆ ఓడ సరుకు దించుకోలేక లేదు, క్రేన్లు దించి వెళ్లబోతోంది."

ఆయన ఆమెవైపు చూశాడు, అల్లుడు పళ్లెంలో వెంట్రుక చూపించినప్పుడు అత్తగారు చూసినట్టు.

"ముందు కాదన్నావు. ఇప్పుడు ఔనంటున్నావు, ఔను కాదంటున్నావు. ఇది నిర్ధారణా, చిలక జోస్యమా?"

"చిలక ఒప్పుకోదండీ, తప్పు తీశానని. నేను ఒప్పుకుంటున్నాను."

ఆమె పాత ఫొటో బల్ల మీద పెట్టింది. ఆయన ఫొటో చూడలేదు. పక్కన అంటించిన పాత శీర్షిక చూశాడు. రెండుసార్లు చదివాడు.

"ఇది ఎవరు పెట్టారు? బాగుందే."

"మీరేనండీ."

 ఆయన మొదటి పేజీలోంచి విలేకరి ఫొటో తీసేయించాడు. ఆ ఖాళీలో సబ్బు ప్రకటన వేశారు. "రేపొచ్చి మాట్లాడు. నీ బల్ల గురించి," అన్నాడు.

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది.  "లెక్క తప్పు చేసి తనే దిద్దుకున్న పిల్లాడికి నేను సగం మార్కులేస్తా," అన్నాడాయన.

"అంతేనా?" అంది అత్తగారు. "సగం మార్కులతో పాసవుతుందిగా. అన్నం తినమను."

పొద్దున పోటీ పత్రికలో అదే ఫొటో వచ్చింది, పేజీ సగం మేర. శీర్షిక "చేతులెత్తేసిన క్రేన్లు." విలేకరి వాళ్లకూ పిల్లల మీద ఒట్టేసినట్టున్నాడు. ఎడిటర్ ఆమెను పిలిచి, "నా శీర్షిక! నీవల్ల వాళ్లకు పోయింది," అని బాధపడ్డాడు. బల్ల గురించి ఎత్తబోతుండగా ఫోన్ మోగింది. రేవు సంస్థ వాళ్లు పోటీ పత్రికకు నోటీసు పంపారట. ఎవరో కార్మికుడు అదే చోట నిలబడి, వంకర తిరిగిన గట్టు మీద కొండలా పేరుకున్న పెట్టెలు చూపిస్తూ ఫొటో పెట్టాడట. జనం నవ్వుతున్నారట.

ఎడిటర్ ఫోన్ పెట్టేసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆలోచిస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

ఆదివారం సంచికలో ఆయన వ్యాసం. "నిజం కోసం మా పత్రిక పడే తపన." నిర్ధారణ విభాగాన్ని తను ఎంత దూరదృష్టితో స్థాపించాడో అందులో రాశాడు. ఇక ముందు దాన్ని విస్తరిస్తామన్నాడు. విస్తరణ అంటే ఇంకో కుర్చీ. ఓడలక్క పేరు లేదు. "మా సిబ్బంది" ఉంది.

వ్యాసంతో పాటు ఆయన ఫొటో, వెనక పొగగొట్టాల అట్ట. అచ్చుకు ముందు ఆ పేజీ నిర్ధారణ కోసం ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆయన ముఖం వ్యాసం వైపు ఉండాలని పేజీ కూర్చేవాళ్లు ఫొటోను తిరగేశారు. అట్ట మీద కంపెనీల పేర్లన్నీ అద్దంలోలా ఉన్నాయి.

ఆమె అంచున రాసింది. "మనిషి ఆయనే. ఫొటో తిరగబడింది. సరిచేయండి."

సరిచేశారు. ఆదివారం నాడు ఎడిటర్ తన వ్యాసానికి వీపు చూపిస్తూ పాఠకుల ముందుకొచ్చాడు.