సీల్డ్ కవర్ గురించి ఒక వాక్యం

నారాయణగూడలో మా లా కాలేజీ లెక్చరర్ గారికి కథలంటే గిట్టదు. తీర్పు ఎంత పొడుగున్నా ఒక్క పేజీలోకి దించాలి. వివాదం దేని మీద, కోర్టు చెప్పిన కారణాలేమిటి, చివరికి ఏం తేల్చింది, అంతే. "ఏ పేరా కిందనైనా గీత గీసే ముందు అది ఎవరి నోట్లకెల్లి వచ్చిందో చూడున్రి. సగం తీర్పు లాయర్ల వాదనలే ఉంటయి," అనేవారు. మొదటి ఏడాదంతా నేను ఓడిపోయిన లాయరు మాటలను కోర్టు మాటలనుకుని రాసి తిట్లు తిన్నాను.

అశోక్‌నగర్ హాస్టల్లో నా పక్క మంచం అక్కది. సొంత అక్క కాదు. ప్రభుత్వోద్యోగం కోసం ఊరు వదిలి వచ్చి, ఏళ్ళ తరబడి చదువుతున్న మనిషి. నా సారాంశాలు ఆమెకు చదివి వినిపించేదాన్ని. కారణాల దాకా రాకముందే అడ్డం పడేది. "గదంతా నాకెందుకే లాయరమ్మా, ఎవరు గెల్చిండ్రో చెప్పు జర."

ఆమెకూ ఒక కేసుంది. ఏళ్ళపాటు నోటిఫికేషన్ రాలేదు. వచ్చేసరికి ఆమె వయసు గరిష్ఠ పరిమితి దాటింది. తనలాంటి కొందరితో కలిసి, వయసు సడలించాలని హైకోర్టులో రిట్ వేసింది. తీర్పు వచ్చేదాకా వీళ్ళను పరీక్ష రాయనివ్వండి, ఫలితం మాత్రం సీల్డ్ కవర్లో ఉంచండి అని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పరీక్ష రాసిన రోజు చిక్కడపల్లిలో బండి దగ్గర ప్లేటు మిర్చి బజ్జీలు ఒక్కతే లాగించి, "ఈసారి కొట్టిన," అంది. అంత ధీమాగా ఆమె మాట్లాడగా అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

తీర్పు వచ్చిన మధ్యాహ్నం నేను చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళేసరికి, ఆవరణలో అక్క చుట్టూ జనం. వాట్సాప్‌లో ఒక పేరా ఫొటో తిరుగుతోంది. నోటిఫికేషన్ ఆలస్యం కావడం అభ్యర్థుల తప్పు కాదు, ఆ భారం వాళ్ళ మీద వేయడం అన్యాయం అని అందులో ఉంది. అక్క అప్పటికే అమ్మకు ఫోన్ చేసి చెప్పేసింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "కోర్టే రాసింది సూడు," అంది.

నేను ఫొటో పైన పేరా నంబరు చూశాను. మరీ మొదట్లో ఉంది. కోర్టు తన మాట చెప్పడానికి ఇంకా చాలా దూరముంది. హైకోర్టు వెబ్‌సైట్లో మొత్తం తీర్పు తెరిచాను. ఆ పేరాకు ముందున్న పేజీ చివరి వరుసలో ఉంది: పిటిషనర్ల తరఫు న్యాయవాది వాదన ఏమనగా.

వయోపరిమితి నిర్ణయించడం ప్రభుత్వ విధానం, సడలింపు హక్కు కాదు, సానుభూతితో రూలు మార్చలేం. ఇవీ కారణాలు. రిట్ కొట్టివేత, మధ్యంతర ఉత్తర్వు రద్దు. ఇదీ ఫలితం. ఏడాదిగా నేర్చుకున్న విద్య ఆ క్షణాన నాకు పరమ అసహ్యమనిపించింది.

"అక్కా, ఇది మన లాయర్ చెప్పింది. కోర్టు చెప్పింది కాదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "గట్లెట్ల? ఎవరు గెల్చిండ్రు మరి?"

"మనం ఓడిపోయినం అక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోయారు. అక్క ఏడవలేదు. నా ఫోను తీసుకుని తీర్పు పైకీ కిందికీ జరిపి అడిగింది. "కవర్ సంగతేం రాసిండ్రు?"

మళ్ళీ మొదటి నుంచి వెతికాను. "ఏం రాయలేదక్కా."

"మరి నేను పాసైననా లేదా?"

కవర్ తెరవమని కోర్టు చెప్పలేదు కాబట్టి ఎవరికీ తెలియదని చెప్పాను. అప్పీలుకు వెళ్ళొచ్చని కూడా చెప్పాను. ఆమెతో కేసు వేసినవాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఆమెకూ ఓపిక లేదు. ఆ నెలాఖరుకు మంచం ఖాళీ చేసింది. కాచిగూడ స్టేషన్‌లో రైలెక్కించి వచ్చి, ఆ ఖాళీ మంచం మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

కొత్త తీర్పు ఏదైనా తెచ్చుకుని రాయమన్నారు లెక్చరర్ గారు. నేను అక్క తీర్పే రాశాను. అన్నీ ఆయన చెప్పిన పద్ధతిలోనే పెట్టి, అడుగున ఒక వాక్యం కలిపాను: పిటిషనర్లు పరీక్ష పాసయ్యారో లేదో తీర్పులో లేదు. ఆయన దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, "దీనితోని ఫలితం మారదు కదమ్మా," అన్నారు. కాగితం మంచి మార్కులతో తిరిగొచ్చింది.

ఆయనన్నది నిజమే. ఆ కవర్లో ఏమున్నా తీర్పు మారదు. అక్క ఇప్పటికీ పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తుంది. పిల్లలకు ట్యూషన్ చెబుతున్నానంటుంది, హాస్టల్ అన్నం బాగుపడిందా అంటుంది. పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి, "అది ఎప్పుడన్న తెరుస్తరానే?" అని అడుగుతుంది.