కుడిపాయ, ఎడమపాయ

చేతులు నీళ్ళలో పెడితే చాలు, పిన్ని మనసు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని తలంటడమే. అక్క కూతురి బ్యూటీ పార్లర్‌లో వెనక గది ఆమెది. అందులో ఒక బేసిన్, వెనక్కి వాలే కుర్చీ, ఎప్పుడూ ఆవిరి పట్టి ఉండే కిటికీ. అక్క కూతురు పిన్నీ అని పిలుస్తుంది కాబట్టి వచ్చేవాళ్ళందరికీ ఆమె పిన్నే. బేసిన్లో జుట్టు విచ్చుకుంటుంటే ఆమెకు లోకం కూడా మెల్లగా విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలకదు. పొగరు కాదు, పాపం, వినపడదు.

ఆమెకు ఒకే పట్టుదల. తలంటే ముందు కొబ్బరినూనె పట్టించాల్సిందే. అక్క కూతురేమో కొత్త నూనె తెప్పించింది. ఎక్కువ భాగం మినరల్ ఆయిల్, మిగతాది సువాసన.

"పిన్నీ, నీ మాటకి కొంత ఆధారం ఉందిలే," అంది ఫోన్లో చదువుతూ. "కొబ్బరినూనెలో అణువులు చిన్నవట, తిన్ననివట, వెంట్రుక లోపలికి దూరతాయట. అందుకని తడిసినప్పుడు వెంట్రుక తక్కువ ఉబ్బుతుంది, లోపలి ప్రొటీన్ తక్కువ పోతుంది. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె అలా దూరవట."

"చూశావా!"

"ఆగు. పరీక్ష చేసింది కత్తిరించిన జుట్టు కుచ్చుల మీద. చేసినవాళ్ళలో కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళూ ఉన్నారు. తల మీద కూడా చూద్దాం."

దొరికిన తల, ఎప్పట్నుంచో తలంటుకి వచ్చే టీచరమ్మది. నడుము దాటిన జుట్టు, రంగులు వేయించి వేయించి పెళుసెక్కింది. "నెల చూస్తాను పిన్నీ. అప్పటికీ ఇలాగే తెగుతుంటే మెడ దాకా కత్తిరించేస్తాను," అని ముందే చెప్పింది. చెబుతూ జడను ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. పిన్నికి గుండె కలుక్కుమంది.

వారానికోసారి, తలంటుకి గంట ముందు కుడిపాయకు కొబ్బరినూనె, ఎడమపాయకు కొత్త నూనె. తలంటి ఆరాక తెల్లటి తువ్వాలు మీద దువ్వి, రాలినవి ఏరేది పిన్ని. ఒక కొసన తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది, లెక్కలోకి రాదు. రెండు కొసలూ మొండిగా ఉంటే తెగింది. మొదటి వారం కుడివైపు పదకొండు, ఎడమవైపు ముప్ఫై నాలుగు. రెండు, మూడు వారాలూ ఇంచుమించు అంతే. పిన్ని నేల మీద నడవడం మానేసింది. అక్క కూతురు కొత్త సీసాలు వెనక్కి పంపేస్తానంది.

నాలుగో వారం దువ్వుతుంటే టీచరమ్మ కళ్ళు మూసుకునే అంది: "చిత్రం పిన్నీ. మీరు కుడివైపు దువ్వుతుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఎడమవైపుకి రాగానే మెలకువొచ్చేస్తుంది."

పిన్ని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కుడివైపు చిక్కును కింది నుంచి వేళ్ళతో విడదీస్తోంది. ఎడమవైపు పైనుంచి సర్రున లాగుతోంది. నెలంతా ఇదే చేసింది. ఎవరూ చెప్పలేదు, తనకూ తెలియదు. నోరు మూసుకుంటే గెలుపు తనదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అమ్మాయ్," అని కేకేసింది అక్క కూతుర్ని. "ఆ లెక్కలన్నీ కొట్టెయ్. నా చెయ్యి తొండాట ఆడింది."

మరుసటి వారం నూనె పట్టించింది అక్క కూతురు, ఏది ఏవైపో ఎవరికీ చెప్పకుండా. దువ్వింది కత్తెరమ్మ. ముందు గదిలో జుట్టు కత్తిరించే ఆమెకు వారం రోజులుగా జలుబు, ఏ నూనె వాసనా తెలియదు. "నా ముక్కు ఇన్నాళ్ళకి పనికొచ్చింది," అని తుమ్ముతూనే దువ్వింది.

ఎడమవైపు పంతొమ్మిది. కుడివైపు ఇరవై ఆరు.

"ఈసారి కొబ్బరినూనె ఎడమవైపు పెట్టాను," అంది అక్క కూతురు. "తక్కువే తెగింది. కానీ ఒక్క తల, ఒక్క తలంటు. దీన్ని రుజువనలేం. కొబ్బరినూనె ఉంచుదాం, గొప్పలు మానేద్దాం."

"మరి అప్పుడు పదకొండే తెగాయిగా?" అంది టీచరమ్మ.

"అది నూనె కాదు. పిన్ని చెయ్యి."

తన గెలుపు కోసం ఒక మనిషి సగం తలను నెల రోజులు నొప్పించానని పిన్నికి కళ్ళు చెమర్చాయి.

"కత్తిరించేస్తావా తల్లీ?"

టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "నెల గడువు మళ్ళీ మొదలు పిన్నీ. రెండువైపులా కొబ్బరినూనె. రెండువైపులా ఆ చెయ్యి."

పిన్ని దువ్వెన పక్కన పెట్టి, ఎడమపాయ చివర్న వేళ్ళతో మొదలుపెట్టింది. కాసేపటికి టీచరమ్మ తల ఎడమవైపుకి ఒరిగింది. నిద్రపోయింది.