డాక్టరు సంతకం కోసం నేను పోయిన దారి

ఢిల్లీలో మా చెల్లెలి గృహప్రవేశానికి నాయనను విమానంలో తీసుకుపోవాలనుకున్నాను. ఆయన గుండె బలహీనపడి ఏడాదైంది. అలాంటి రోగికి టికెట్టు ఒక్కటే చాలదని, వైద్యం చేస్తున్న డాక్టరు నింపిన ఫారం ముందుగా పంపితే తమ డాక్టరు చూసి ఒప్పుకోవాలని విమాన కంపెనీవాళ్లు చెప్పారు. ఆయాసం ఈమధ్య ఎక్కువైందా, ఆగకుండా ఎంత దూరం నడవగలరు, ప్రయాణంలో ఆక్సిజన్ కావాలా అని అందులో అడిగారు.

బట్టల అంగడిలో పెరిగినవాణ్ణి. మడతలు పోయేలా ఇస్త్రీ చేసి సరుకు చూపించడం నాకు తెలుసు. నాయన కాళ్ల వాపు, ఆయనకు వైద్యం చేసే డాక్టరమ్మ కంట పడకూడదని, రెండు రోజుల ముందు నుంచే నీరు దిగే మాత్ర ఒకటికి మూడు మింగించాను.

చింతామణి క్లినిక్‌లో వాపు తగ్గినట్టే కనిపించింది. డాక్టరమ్మ ఆయనను వరండాలో నడవమన్నారు. పది అడుగులకే నాయన గోడ పట్టుకుని నా మీదికి ఒరిగిపోయాడు. చెమటకు ఆయన చేయి చల్లబడింది.

డాక్టరమ్మ ఆయనను పడుకోబెట్టి బీపీ చూశారు. "ఇంత పడిపోయుండాదే. ఏం మింగినారప్పా?"

"మావాడు మూడేసి మాత్రలిచ్చినాడమ్మా. విమానంలో బరువెక్కువైతే ఒప్పుకోరేమో," అన్నాడు నాయన నీరసంగా.

ఆమె ఖాళీ ఫారం నా చేతిలో పెట్టారు. "మందు సరిచేస్తా. రెండు వారాలు నిలకడగా ఉంటే అప్పుడు చూస్తాం."

ఒక వారం చేయండమ్మా అనబోయి, నాయన తెల్లబడిన పెదవులు చూసి ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.